‘మీ తరఫున ఒకరిని తెచ్చుకోవచ్చు’: ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చింది

చార్జిషీటు అందుకున్న బ్యాంకు గుమాస్తాకి కొన్నాళ్ళ తర్వాత ఇంకో ఉత్తరం వస్తుంది. అందులో పెద్దగా ఏమీ ఉండదు. ఫలానా తేదీన ఇచ్చిన చార్జిషీటు మీద ఫలానా అధికారి ఎంక్వయిరీ చేస్తారు, ఫలానా రోజున ఇన్ని గంటలకు ఫలానా చోటికి రావాలి, మీ తరఫున వాదించడానికి ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు. నాలుగైదు వాక్యాలు, కింద సంతకం. తిట్టు లేదు, బెదిరింపు లేదు, తప్పు చేశావన్న మాటే లేదు. బందరులో, గుడివాడలో, దివిసీమ ఊళ్ళలో పనిచేసిన బ్యాంకు ఉద్యోగుల వైపు డిఫెన్స్ రిప్రజెంటేటివ్‌గా కూర్చున్నవాణ్ణి. మా మాటల్లో డి.ఆర్. అంటారు. ఈ ఉత్తరాన్ని చాలామంది పైపైన చదివి పక్కన పెట్టేస్తారు. చార్జిషీటు చూసి భయపడినవాళ్ళు ఇది చూసి భయపడరు. నా లెక్కన ఎక్కువ శ్రద్ధగా చదవాల్సింది మాత్రం దీన్నే. ఇందులోని ఒక్కో వాక్యం వెనక ఒక్కో తగాదా ఉంది, కొన్ని వాక్యాలు మన చేతికి రావడానికి వందేళ్ళు పట్టింది.

ఈ దేశంలో ఇలాంటి ఉత్తరానికి తొలి రూపం 1850లో కనిపిస్తుంది. ఆ ఏడాది కంపెనీ ప్రభుత్వం పబ్లిక్ సర్వెంట్స్ (ఎంక్వయిరీస్) చట్టం చేసింది. పెద్ద ఉద్యోగుల మీద ఆరోపణ వస్తే విచారణ ఎలా నడపాలో అందులో రాశారు. ఆరోపణల ప్రతి, వాటికి ఆధారమైన పత్రాల జాబితా, సాక్షుల జాబితా విచారణ మొదలవడానికి కనీసం 3 రోజుల ముందు ఆ ఉద్యోగి చేతికి ఇవ్వాలి. కాగితం ఇచ్చిన రోజునూ, విచారణ మొదలయ్యే రోజునూ ఆ 3 రోజుల్లో లెక్కపెట్టకూడదు. అంటే సోమవారం ఇస్తే శుక్రవారం దాకా ఆగాల్సిందే. ఉద్యోగి స్వయంగా రావచ్చు, తన వకీలునో ఏజెంటునో పంపవచ్చు. తేదీ, వ్యవధి, తోడు అనే మూడూ అప్పుడే పుట్టాయన్నమాట. అయితే అదే చట్టంలో ఒక కత్తి కూడా ఉంది. సరైన కారణం లేకుండా హాజరు కాకపోతే ఆరోపణలు నిజమని ఒప్పుకున్నట్టే లెక్క. ఆ కత్తి ఎలా మొద్దుబారిందో చివర్లో చెబుతాను.

ఆ చట్టం పనికొచ్చింది ప్రభుత్వం కింద పెద్ద కొలువుల్లో ఉన్నవాళ్ళకి. కంపెనీల్లో, మిల్లుల్లో, కొట్లలో, ప్రైవేటు బ్యాంకుల్లో చిట్టాలు రాసుకునే గుమాస్తాకి అలాంటిదేమీ లేదు. 1923 నవంబరు 28న మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు తలుపులు తెరిచారు. లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో మొదలైన బ్యాంకు అది. ఆయన డాక్టరు, కాంగ్రెస్ నాయకుడు. రైతుకీ చిన్న వర్తకుడికీ అప్పు పుట్టాలన్నది ఆయన తపన. ఆ రోజుల్లో ప్రైవేటు బ్యాంకు గుమాస్తా కొలువు యజమానికీ గుమాస్తాకీ మధ్య కుదిరిన ఒప్పందం మాత్రమే. నగదు తేడా వస్తే ఏజెంటుగారు పిలిచి అడుగుతారు, సంజాయిషీ నచ్చకపోతే మర్నాటి నుంచి రావద్దంటారు. పిలిచే ముందు తేదీ చెప్పాలనీ, ఎవరినైనా వెంట తెచ్చుకోనివ్వాలనీ యజమానిని కట్టడి చేసే నియమం లేదు.

మార్పు యూనియన్ల వల్ల వచ్చింది. 1946 ఏప్రిల్ 20న కలకత్తాలో అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం పుట్టింది. జీతాలు, పని గంటలు, సెలవులతో పాటు ఉద్యోగం నుంచి తీసేసే పద్ధతి మీద కూడా దేశమంతా వివాదాలు రేగాయి. 1949లో కేంద్రం కె.సి. సేన్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్‌ను వేసింది. 1950లో అది తీర్పు ఇచ్చింది. 1951లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కారణం వింటే ఈ కథకి ఎంత దగ్గరిదో తెలుస్తుంది. ముగ్గురు సభ్యుల్లో ఒకరైన ఎన్. చంద్రశేఖర అయ్యర్ మధ్యలో కొంతకాలం వేరే పని మీద వెళ్ళారు. మిగిలిన ఇద్దరూ విచారణ కొనసాగించారు. ఆయన తిరిగి వచ్చి మళ్ళీ కూర్చున్నారు, ముగ్గురూ సంతకాలు చేశారు. అలా చెల్లదంది కోర్టు. విచారణకంటూ నియమించిన ట్రిబ్యునల్ సక్రమంగా కూర్చోకుండా విని ఇచ్చిన తీర్పుకి ఆధారం లేదంది. దేశంలోని బ్యాంకు ఉద్యోగులందరి జీతాలు తేల్చిన అంత పెద్ద కాగితం, వినడంలో వచ్చిన లోటు వల్ల చెత్తబుట్టకి పోయింది.

మళ్ళీ మొదటికొచ్చింది. 1952లో మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఎస్. పంచాపకేశ శాస్త్రి అధ్యక్షతన కొత్త ట్రిబ్యునల్ వచ్చింది. 1953లో అది ఇచ్చిన తీర్పునే బ్యాంకుల్లో నేటికీ శాస్త్రి అవార్డు అంటారు. దాని మీద అప్పీళ్ళు జరిగాయి. 1954లో అప్పీలు ట్రిబ్యునల్ తీర్పును కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకి నష్టం కలిగేలా మార్చింది. అందుకు నిరసనగా కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేసినవారు మన వి.వి. గిరిగారు. ఆ గొడవంతా జీతాల మీద. క్రమశిక్షణ గురించిన 521వ పేరా మాత్రం నిలిచింది, తర్వాతి కాలానికి పునాది అయింది.

ఆ పేరా చెప్పిన పద్ధతి ఇది. ఉద్యోగి మీద చర్య తీసుకోదలిస్తే అతనికి వ్యతిరేకంగా కనిపిస్తున్న పరిస్థితులను స్పష్టంగా తెలిపే చార్జిషీటు ఇవ్వాలి. ఎంక్వయిరీకి ఒక తేదీ నిర్ణయించాలి. సంజాయిషీ తయారు చేసుకోవడానికీ, తన వైపు సాక్ష్యం తెచ్చుకోవడానికీ తగినంత వ్యవధి ఉండాలి. ఎంక్వయిరీకి రానివ్వాలి, తనకు వ్యతిరేకంగా చెప్పే సాక్షుల్ని ప్రశ్నించనివ్వాలి. రిజిస్టరైన బ్యాంకు ఉద్యోగుల యూనియన్ ప్రతినిధి చేత తన తరఫున వాదింపజేసుకోనివ్వాలి. బ్యాంకు ఒప్పుకుంటే వకీలునైనా పెట్టుకోవచ్చు.

‘కనిపిస్తున్న పరిస్థితులు’ అనడంలో ఉన్న జాగ్రత్త గమనించండి. ‘చేసిన నేరం’ అనలేదు. అప్పటికి కాగితాల మీద ఏం కనిపిస్తోందో అంతవరకే చెప్పమంది. తేల్చడం ఎంక్వయిరీ పని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి పక్కన ఫ్యాక్టరీల్లో ఏం జరిగిందో చూడాలి. లేకపోతే బ్యాంకు గుమాస్తాకి దొరికింది ఎంతటిదో తెలియదు. 1960లో జంషెడ్‌పూర్ టాటా లోకోమోటివ్ కంపెనీ కార్మికుల కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. కాళింది కేసు అంటారు. యాజమాన్యం జరిపే ఎంక్వయిరీలో మా యూనియన్ ప్రతినిధి మా తరఫున నిలబడే హక్కు ఉందా అన్నది ప్రశ్న. లేదంది కోర్టు. యజమాని దయతలిచి ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు గానీ కార్మికుడు హక్కుగా అడగలేడంది. ఇలాంటి ఎంక్వయిరీల్లో తేలాల్సింది ఫలానా పని జరిగిందా లేదా అన్న మామూలు విషయమే కాబట్టి, పని సంగతులు తెలిసిన మనిషి సూటిగా నాలుగు ప్రశ్నలు అడిగితే నిజం బయటపడుతుందనీ, ఆ ప్రశ్నలు అడగడానికి చాలాసార్లు ఆ కార్మికుడే తగినవాడనీ న్యాయమూర్తులు భావించారు.

ఆ మాటతో నేను ఏకీభవించలేను. ఎదురుగా సాక్షి కుర్చీలో కూర్చున్నది నిన్నటిదాకా తన సెలవు కాగితం మీద సంతకం పెట్టిన మేనేజరు. ‘సార్, ఆ రోజు స్ట్రాంగ్‌రూము రెండో తాళం మీ దగ్గరే ఉంది కదా’ అని అడగడానికి క్యాషియరుకి గొంతు పెగలదు. సంగతి తెలియక కాదు, అందరికంటే తనకే బాగా తెలుసు. రేపు మళ్ళీ అదే మనిషి కింద పనిచేయాలన్న ఆలోచన నోరు కట్టేస్తుంది. అదే ప్రశ్న వేరే శాఖ నుంచి వచ్చిన డి.ఆర్. అడిగితే మేనేజరు కూడా మామూలుగానే జవాబు చెప్పేస్తాడు. శాస్త్రి అవార్డు రాసినవాళ్ళు ఈ సంగతి ఎరిగినట్టే ఉన్నారు. జంషెడ్‌పూర్ కార్మికుడికి 1960లో కాదన్నది బ్యాంకు గుమాస్తాకి 1953 నాటికే హక్కుగా దొరికింది.

1962లో దేశాయ్ అవార్డు వచ్చింది. ఆ తర్వాత ట్రిబ్యునళ్ళ దారి వదిలి బ్యాంకులూ యూనియన్లూ ఎదురెదురుగా కూర్చుని 1966 అక్టోబరు 19న మొదటి ద్వైపాక్షిక ఒప్పందం రాసుకున్నాయి. క్రమశిక్షణ పద్ధతి అందులోకి చేరింది. 2002 ఏప్రిల్ 10న ఆ పద్ధతి మీదనే విడిగా ఒక ఒప్పందం కుదిరింది. 1980 ఏప్రిల్ 15న జాతీయమైన ఆంధ్రా బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయేదాకా, తన గుమాస్తాల మీద ఎంక్వయిరీలు ఈ పద్ధతిలోనే నడిపింది.

2002 ఒప్పందంలో తోడు గురించిన వాక్యం శాస్త్రి అవార్డు కంటే బిగువుగా ఉంటుంది. ఎంక్వయిరీ మొదలయ్యే రోజంటూ మొదటిసారి తెలియజేసిన తేదీ నాటికి ఉద్యోగి ఏ రిజిస్టరైన బ్యాంకు ఉద్యోగుల యూనియన్‌లో సభ్యుడో, ఆ యూనియన్ ప్రతినిధి అతని తరఫున వాదించవచ్చు. ఆ తేదీ నాటికి ఏ యూనియన్‌లోనూ లేకపోతే, తన బ్యాంకు ఉద్యోగుల యూనియన్లలో రిజిస్టరైన ఒకదాని ప్రతినిధిని తెచ్చుకోవచ్చు. ఆ యూనియన్ కోరితే, అది అనుబంధంగా ఉన్న రాష్ట్ర సమాఖ్య నుంచి గానీ అఖిల భారత సంఘం నుంచి గానీ ఒకరు రావచ్చు. బ్యాంకు అనుమతిస్తే వకీలు రావచ్చు.

ఒక శాఖలో రెండు మూడు యూనియన్లుంటాయి. కేసు నడుస్తుండగా ఉద్యోగి ఒక యూనియన్ వదిలి ఇంకోదాంట్లో చేరి, రోజుకో ప్రతినిధిని తెస్తే ఎంక్వయిరీ సాగదు. అందుకే ఒక తేదీ దగ్గర గీత గీశారని నేను అర్థం చేసుకున్నాను. దాంతో మన ఉత్తరం స్వభావమే మారిపోయింది. అది రమ్మని చెప్పే కబురుగా మిగల్లేదు. పక్కన ఎవరు కూర్చోవచ్చో తేల్చేది కూడా అదే అయింది.

అవనిగడ్డలో ఒక బ్యాంకు శాఖ ఉందనుకుందాం. ఏప్రిల్ 24న సాయంత్రం నగదు లెక్కలో 20,000 రూపాయలు తక్కువ వచ్చాయి. మే నెలలో క్యాషియరుకి చార్జిషీటు ఇచ్చారు, అతను సంజాయిషీ రాశాడు, అది సరిపోలేదనుకుని ఎంక్వయిరీ అధికారిని వేశారు. జూన్ 5న ఉత్తరం టైపు చేశారు. జూన్ 8న అతనికి అందింది. ఎంక్వయిరీ జూన్ 18, మంగళవారం, ఉదయం 11 గంటలకు బందరులో. అతను ఏ యూనియన్‌లోనూ లేడు. జూన్ 14న ఒక యూనియన్‌లో చేరాడు. 18 నాటికి సభ్యుడే కాబట్టి ఆ యూనియన్ ప్రతినిధి వస్తే ఎవరూ కాదనలేరు. ఇప్పుడు లెక్క కొంచెం మారుద్దాం. 18న ఎంక్వయిరీ అధికారికి వీలుపడక జూలై 9కి వాయిదా వేశారు. మన క్యాషియరు జూన్ 25న యూనియన్‌లో చేరాడు. జూలై 9 నాటికి సభ్యుడే, కానీ మొదట తెలియజేసిన తేదీ జూన్ 18. ఆ రోజుకి అతను సభ్యుడు కాదు, కాబట్టి కొత్త సభ్యత్వం చూపి ప్రతినిధిని తేలేడు. అతనికి ఇంకో దారి ఉంది, ఆ బ్యాంకు ఉద్యోగుల యూనియన్ ప్రతినిధి. కొత్తగా చేరిన యూనియన్ బ్యాంకుల మధ్య సాగే సంఘమైతే ఈ రెండు దారులకీ తేడా ఎంతో ఉంటుంది.

ఇందులోంచి రెండు సంగతులు బయటపడతాయి. ‘ఎంక్వయిరీ తేదీ తర్వాత తెలియజేస్తాం, సిద్ధంగా ఉండండి’ అని రాస్తే ఆ గీత పడనే పడలేదు. తర్వాత ప్రతినిధి విషయంలో తగాదా వస్తే ఎవరి మాట చెల్లుతుందో తేల్చడం కష్టం. రెండోది, వ్యవధి తగ్గిస్తే తోడు దొరికే అవకాశం కూడా తగ్గుతుంది. శనివారం ఉత్తరం చేతికిచ్చి సోమవారం రమ్మంటే, ఆదివారం ఒక్కరోజులో యూనియన్ ప్రతినిధిని పట్టుకుని కాగితాలు చూపించి ఒప్పించాలి. హక్కు కాగితం మీద అలాగే ఉంటుంది, వాడుకునే వీలు మాత్రం ఉండదు. బ్యాంకు ఒప్పందం ఇన్ని రోజులని అంకె వేయలేదు, ‘తగినంత’ అని వదిలేసింది. 1850 నాటి చట్టం 3 రోజులని గీసింది. బండి మీద తిరిగే కాలంలోనే అంత జాగ్రత్త పడ్డప్పుడు, పత్రాల జాబితా చూసుకుని డి.ఆర్.తో మాట్లాడుకోవడానికి కనీసం ఒక వారమైనా లేని ఎంక్వయిరీ తేదీని నేనెప్పుడూ మొదటి రోజే రాతపూర్వకంగా అభ్యంతరపెట్టమని చెప్పేవాణ్ణి. ఆ అభ్యంతరం ఆ రోజు ప్రొసీడింగ్స్‌లో ఎక్కాలి. ఎక్కకపోతే రెండేళ్ళ తర్వాత ఎవరూ వినరు.

ఇక మాటల సంగతి. అదే క్యాషియరుకి ఉత్తరం ఇలా రాశారనుకోండి:

‘ఏప్రిల్ 24న మీరు బ్యాంకు నగదు 20,000 రూపాయలు స్వాహా చేసి సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించారు. ఈ తీవ్ర దుష్ప్రవర్తనకు మీపై విచారణ జూన్ 18న జరుగును. తప్పక హాజరు కావలెను. రానిచో నేరము అంగీకరించినట్లు భావించి తొలగించబడుదురు.’

ఇందులో తేదీ ఉంది, సమాచారం ఉంది. విచారణ మాత్రం అయిపోయింది. రాసినవాళ్ళు 5వ తేదీనే తేల్చేసుకున్నారు, 18న కూర్చోవడం లాంఛనం. ఇలాంటి రాత వల్ల ఏమవుతుందో 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు ఓరిక్స్ ఫిషరీస్ కేసులో చెప్పింది. రొయ్యలూ చేపలూ ఎగుమతి చేసుకునే మన తీరం వాళ్ళందరికీ తెలిసిన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, ఎంపెడా, ముంబయిలోని ఒక ఎగుమతి కంపెనీకి షోకాజ్ నోటీసు ఇచ్చింది. నాసిరకం సరుకు పంపినట్టు నిస్సందేహంగా రుజువైందని ఆ నోటీసులోనే రాసింది. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. కోర్టు ఆ రద్దుతో పాటు నోటీసునూ కొట్టేసింది. నోటీసు దశలో ఆరోపణ చెప్పాలే గానీ నిర్ధారణ చెప్పకూడదు, మనసు తెరిచి ఉన్నట్టు ఆ కాగితం చదివితేనే తెలియాలి, చదివినవాడికి ‘ఇక నేనేం చెప్పినా దండగే’ అనిపిస్తే ఆ జవాబు అడగడం ఉత్త తంతు అవుతుంది అన్నది దాని సారాంశం. అది వ్యాపార సంస్థ కేసే అయినా, ఉద్యోగుల ఎంక్వయిరీల్లో డి.ఆర్.లు ఆ తీర్పును ముందుపెట్టి వాదిస్తున్నారు.

ఆ ఉత్తరాన్నే మళ్ళీ రాద్దాం:

‘మే 20 తేదీతో మీకు ఇచ్చిన చార్జిషీటులో పేర్కొన్న ఆరోపణలపై విచారణ జరపడానికి నన్ను ఎంక్వయిరీ అధికారిగా నియమించారు. విచారణ జూన్ 18, మంగళవారం, ఉదయం 11 గంటలకు మచిలీపట్నం కార్యాలయంలో మొదలవుతుంది. మీరు హాజరు కావలసిందిగా కోరుతున్నాను. ఒప్పందంలోని నిబంధన ప్రకారం మీ తరఫున వాదించడానికి ప్రతినిధిని వెంట తెచ్చుకోవచ్చు. ఆయన పేరు, యూనియన్ వివరం వీలైతే ముందుగా తెలియజేయండి. బ్యాంకు వైపు పత్రాల జాబితా, సాక్షుల జాబితా ఇందుతో జతచేశాను. ఆ రోజు రావడానికి ఇబ్బంది ఉంటే కారణం రాతపూర్వకంగా తెలపండి. మీరు గానీ మీ ప్రతినిధి గానీ కారణం తెలపకుండా రాకపోతే విచారణ మీరు లేకుండానే కొనసాగవచ్చు.’

20,000 రూపాయల ఊసే ఇందులో లేదు. కావాలనే వదిలేశాం. ఆరోపణ ఏమిటో చార్జిషీటులో పూర్తిగా ఉంది. దాన్ని తేదీ ఉత్తరంలో మళ్ళీ రాయబోతే మాట మారిపోతుంది. చార్జిషీటులో ‘నగదు తక్కువ వచ్చినట్టు’ అని ఉన్నది ఇక్కడ ‘నగదు కాజేసినట్టు’ అవుతుంది, లేదా అసలు తేదీ 24 బదులు 25 పడుతుంది. రెండు కాగితాల మధ్య ఆ చిన్న తేడా చాలు, ఏ ఆరోపణకు జవాబివ్వాలో తెలియలేదని డి.ఆర్. లేచి నిలబడడానికి. చార్జిషీటు తేదీ చెప్పి ఊరుకోవడం అందరికంటే యాజమాన్యానికే క్షేమం. శిక్ష పేరు ఎత్తకపోవడం కూడా అలాంటిదే.

తోడు తెచ్చుకోవచ్చన్న వాక్యం ఉత్తరంలో ఎందుకుండాలి, నిబంధనల పుస్తకంలో ఉంది కదా అని కొందరు ఎంక్వయిరీ అధికారులు అంటారు. దీనికి జవాబు హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చింది. భగత్ రామ్ అనే ఫారెస్ట్ గార్డు కేసులో 1983లో సుప్రీంకోర్టు, శాఖ తరఫున ప్రజెంటింగ్ ఆఫీసరు ఉన్నప్పుడు, ముఖ్యంగా కింది స్థాయి ఉద్యోగి విషయంలో, నీకు సాయంగా తోటి ఉద్యోగిని పెట్టుకునే హక్కు ఉందని చెప్పడం అధికారుల బాధ్యతే అంది. చెప్పినా వద్దంటే విచారణ సాగించవచ్చు. ఆ మాట నాకు చాలా నచ్చుతుంది. చదువు తక్కువైన మెసెంజరుకి, స్వీపరుకి 2002 ఒప్పందంలో ఏముందో ఎలా తెలుస్తుంది? తెలియని హక్కు లేనట్టే. ఉత్తరంలో ఒక్క వాక్యం రాస్తే ఆ లోటు తీరిపోతుంది.

లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో పనిచేసే మన పిల్లలకి ఇదే హక్కు ఇంకో దారిలో వచ్చింది. బ్రిటన్ 1999 ఎంప్లాయ్‌మెంట్ రిలేషన్స్ చట్టం, 2000 సెప్టెంబరు 4 నుంచి, క్రమశిక్షణ విచారణకు తోటి ఉద్యోగిని గానీ యూనియన్ ప్రతినిధిని గానీ వెంట తెచ్చుకునే హక్కు అందరికీ ఇచ్చింది. తోడు వచ్చేవాడికి ఆ రోజు వీలుకాకపోతే ఉద్యోగి 5 పనిదినాల్లోపు ఇంకో సమయం చెప్పవచ్చు, యజమాని ఆగాల్సిందే. ఈ సదుపాయం మన ఒప్పందంలో అంత స్పష్టంగా ఉంటే ఎంత బాగుండేదో. ఇంకో వైపు అక్కడి తోడుకి మాట్లాడే అవకాశం ఉన్నా, ఉద్యోగిని అడిగిన ప్రశ్నకి అతని బదులు జవాబు చెప్పే హక్కు లేదు. మన డి.ఆర్. సాక్షుల్ని నేరుగా ప్రశ్నించగలడు, పత్రాలు కావాలని అడగగలడు, చివర్లో వాదన రాసివ్వగలడు. ఆ విషయంలో మన గుమాస్తా చేతిలో ఉన్నది బరువైనదే.

బ్యాంకు గోడ దాటితే ఈ బలం తగ్గిపోతుంది. ఫ్యాక్టరీలకు 1946 స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం కింద తయారైన మాదిరి నిబంధనల్లో, తాను సభ్యుడైన యూనియన్ కార్యవర్గ సభ్యుడి చేత తన తరఫున మాట్లాడించుకునే హక్కు తర్వాత చేరింది. కానీ ఆ చట్టం పెద్ద సంస్థలకే. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో స్టాండింగ్ ఆర్డర్ల అవసరం 300 మంది, ఆపైన పనిచేసే చోట్లకే. గుడివాడ చుట్టుపక్కల రైసు మిల్లుల్లో, నాగాయలంక వైపు రొయ్యల చెరువుల మీద, బందరు రోల్డుగోల్డు పనివాళ్ళలో ఎందరు అంత పెద్ద గోడ లోపల ఉన్నారు? అలాంటి చోట యజమాని ఇష్టపడి రాస్తేనే ఆ వాక్యం. రాసినందువల్ల ఆయనకి పోయేదేమీ లేదు. లేబరు కోర్టుకి వెళ్ళినప్పుడు నాకు తెలియజేయలేదు, నన్ను వినలేదు అనే ఫిర్యాదుకి ముందే జవాబు తయారై ఉంటుంది.

ఇక మొదట్లో చెప్పిన కత్తి. రాకపోతే ఒప్పుకున్నట్టే అన్న 1850 నాటి సూత్రం ఉద్యోగుల ఎంక్వయిరీల్లో నిలవలేదు. 2010లో సరోజ్ కుమార్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగి రాకపోయినా ఆరోపణ రుజువు చేసే బాధ్యత శాఖదే, సాక్ష్యం తెచ్చి పరీక్షించకుండా పత్రాలు వాటంతటవే రుజువైనట్టు తీసుకోకూడదంది. అందుకే పైన రాసిన రెండో ఉత్తరంలో ‘మీరు లేకుండానే కొనసాగవచ్చు’ అన్నాం, ‘ఒప్పుకున్నట్టే’ అనలేదు. క్యాషియరు రాకపోయినా మేనేజరు వచ్చి సాక్ష్యం చెప్పాలి, ఆ రోజు నగదు రిజిస్టరు చూపించాలి, ఎంక్వయిరీ అధికారి ఆ రెండూ నమోదు చేయాలి.

రాలేదు అనే ముందు ఉత్తరం అందిందా అని చూడాలి. 1998లో దీనానాథ్ శాంతారామ్ కారేకర్ కేసులో చార్జిషీటు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే మనిషి దొరకలేదని కవరు తిరిగొచ్చింది. అది అందినట్టు కాదంది సుప్రీంకోర్టు. ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అన్న పోస్టుమ్యాన్ రాతకీ ‘ఇంట్లో లేరు’ అన్న రాతకీ ఎంతో తేడా ఉంది. సస్పెన్షన్‌లో ఉన్న మెసెంజరు ఎదురుమొండిలో తన వాళ్ళ దగ్గర ఉంటే ఉత్తరం నాగాయలంక వచ్చి, పంటు ఎక్కి, ఏరు దాటి చేరాలి. ఆఫీసు ఫైల్లో ఉన్న చిరునామా బందరు అద్దె ఇల్లు కావచ్చు. అలాంటప్పుడు తిరిగొచ్చిన కవరును తెరవకుండా అలాగే ఫైల్లో ఉంచాలి, దాని మీది పోస్టుమ్యాన్ రాతను ప్రొసీడింగ్స్‌లో ఎత్తిరాయాలి, సొంతూరి చిరునామాకి ఇంకో కాపీ పంపాలి, శాఖ నుంచి ఎవరినైనా పంపి చేతికిప్పించి సంతకం తీసుకోవాలి. ఆ తర్వాత అతనికి తగినంత వ్యవధి ఉండేలా కొత్త తేదీ వేయాలి. యూనియన్ సభ్యత్వం లెక్క చూసేటప్పుడు, అతని చేతికి మొదటిసారి చేరిన తేదీ ఏదో దాన్నే మొదట తెలియజేసిన తేదీగా పట్టుకోమని నేను వాదిస్తాను, తిరిగొచ్చిన కవరులోని తేదీని కాదు.